కత్తిపీట లేని గదిలో ఉల్లిపాయ

మా ఇంట్లో కత్తిపీట ఉండేది. అమ్మ దాని మీద కాలు వేసి కూర్చుని, పక్కింటావిడతో కబుర్లాడుతూ, చేతివంక చూడకుండానే కిలో వంకాయలు తరిగేసేది. ఉద్యోగానికి హైదరాబాదు వచ్చి గది అద్దెకు తీసుకున్నాక నేను ప్లాస్టిక్ పిడి చాకు ఒకటి కొన్నాను. ఉల్లిపాయను ఎడమచేతిలో పట్టుకుని, చాకును బొటనవేలి వైపు లాక్కుంటూ కోసేవాణ్ణి. మూడో రోజే వేలు తెగింది.

తప్పు ఎక్కడుందో చాలా రోజులకు గాని తెలియలేదు. కత్తిపీట మీద కత్తి కదలదు, కాయ కదులుతుంది. చాకుతో అంతా తలకిందులు. కాయ కదలకుండా కూర్చోవాలి, కత్తి తిరగాలి. గాల్లో పట్టుకుని కోసేటప్పుడు రెండూ కదులుతాయి, మధ్యలో మన వేలుంటుంది.

కింద గదుల వరసలో కర్రీ పాయింట్ నడిపే ఆయన ఒకరోజు నా కట్టు చూసి, "తమ్ముడూ, ముందు బోర్డు కొనుక్కో, కూర తర్వాత" అన్నాడు. కత్తి పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే, ఒక్క ఉల్లిపాయతో.

బోర్డు చెక్కదైనా ప్లాస్టిక్‌దైనా పరవాలేదు. స్టీలు పళ్లెం బోర్లించి దానిమీద కోస్తే, లేదా నేరుగా గ్రానైటు గట్టు మీద కోస్తే, కత్తి వారం రోజుల్లో మొద్దుబారుతుంది. బోర్డు కింద ఒక గుడ్డ తడిపి, గట్టిగా పిండి, మడత లేకుండా పరవాలి. చేత్తో పక్కకు నెట్టినా బోర్డు జరగకపోతే సరిగ్గా పరిచినట్టు. అద్దెగదిలో గట్టు ఉన్నదే కాస్త, అందులో సగం స్టవ్వుది. చోటు లేకపోతే నేల మీదే పని కానివ్వచ్చు. బోర్డును పీట మీద పెట్టి కూర్చోవాలి గాని ఒళ్లో పెట్టుకోకూడదు.

ఇక పట్టు. కొత్తవాళ్లందరూ పిడిని బ్యాటు పట్టుకున్నట్టు వెనక్కి పట్టుకుంటారు, లేదంటే చూపుడు వేలును కత్తి వీపు మీద పొడుగ్గా చాపుతారు. రెండింట్లోనూ రేకు అటూ ఇటూ ఒరుగుతుంది. కర్రీ పాయింట్ ఆయన చూపించింది వేరు. పిడి ఎక్కడ ఆగి రేకు మొదలవుతుందో అక్కడ, రేకు రెండు పక్కలనూ బొటనవేలితో, మడిచిన చూపుడు వేలి పక్కభాగంతో గిల్లినట్టు పట్టుకోవాలి. మిగిలిన మూడు వేళ్లు పిడి చుట్టూ వదులుగా చేరతాయి. మొదటి రెండు రోజులు ఎబ్బెట్టుగా ఉంటుంది, చూపుడు వేలు పక్కన కొంచెం ఒరుసుకుంటుంది కూడా. కానీ కత్తి ఎటు పోతోందో వేళ్లకే తెలుస్తుంది. ఈ పట్టుకు రేకు కాస్త వెడల్పుండాలి. ఆరంగుళాల రేకున్న కత్తి ఒకటి ఉంటే గది వంటకు చాలు. మూడంగుళాల చాకు పెద్ద ఉల్లిపాయను ఒక్క కోతలో దాటలేదు, అందుకే దాంతో రంపం కోసినట్టు కోస్తాం.

ఎడమచేతి సంగతి అంతకంటే ముఖ్యం, ఎందుకంటే తెగేది ఆ చెయ్యే. వేళ్ల కొసలను లోపలికి మడిచి, పిల్లి పంజాలా కాయ మీద ఆనించాలి. బొటనవేలు మిగతా వేళ్ల వెనక దాక్కోవాలి. అప్పుడు ముందుకు వచ్చేవి వేళ్ల కొసలు కావు, మధ్య కణుపులు. కత్తి పక్కభాగం ఆ కణుపులకు ఆనుకునే పైకీ కిందికీ ఆడుతుంది. కణుపు ఎంత వెనక్కి జరిగితే ముక్క అంత మందం వస్తుంది. అంటే ముక్క మందం నిర్ణయించేది ఎడమచెయ్యి, కోసేది కుడిచెయ్యి. కత్తి వాదరను కణుపుల కంటే పైకి ఎత్తనంతవరకూ వేలికి భయం లేదు.

ఉప్మాకు ఒక ఉల్లిపాయ తీసుకుందాం. కాడ వైపు కొస కోసెయ్యండి, వేరు వైపు మాత్రం ముట్టుకోకండి. వేళ్లు వేలాడుతుంటే వాటిని గీకేస్తే చాలు. కాడ కోసిన చదును మీద పాయను నిలబెట్టి, వేరు మధ్యనుంచి నిలువునా రెండు చెక్కలు చెయ్యండి. ఇప్పుడు పొట్టు తీయడం తేలిక. ఒక చెక్కను చదునువైపు బోర్డుకు ఆనేలా బోర్లించండి. ఇక అది దొర్లదు. బంగాళాదుంపైనా క్యారెట్టైనా ఇదే తంతు: ముందు ఒక పక్క పలచగా చెక్కి చదును చేసి, ఆ చదును మీద కూర్చోబెట్టాకే ముక్కలు.

చెక్కలో వేరు మీకు అవతలివైపు ఉండాలి. కత్తి మొనతో వేరుకు అరంగుళం ఇవతల మొదలుపెట్టి, మీ వైపుకు నిలువు కోతలు పెట్టండి. వేరును తెగనివ్వకపోతే పొరలన్నీ పుస్తకం పుటల్లా కలిసే ఉంటాయి. తర్వాత చెక్కను తిప్పి, వేరును ఎడమచేతి పంజా కిందికి తెచ్చి, అడ్డంగా కోసుకుంటూ వెళ్తే చిన్న ముక్కలు వాటంతటవే రాలతాయి. మధ్యలో బోర్డుకు సమాంతరంగా ఒక కోత పెట్టమని పెద్ద వంటవాళ్లు చెబుతారు. ఉల్లిపాయకు పొరలు పుట్టుకతోనే ఉన్నాయి కనుక కొత్తవాళ్లు ఆ కోత మానేస్తేనే మంచిది. అరచేతి వైపు కత్తి వచ్చే కోత అది.

కత్తిని సూటిగా కిందికి నొక్కకూడదు. దింపుతూనే ముందుకు జరపాలి. నొక్కితే టమాటా చితుకుతుంది, జరిపితే తెగుతుంది. చప్పుడు వింటే తెలిసిపోతుంది: టక్కుటక్కుమంటే కత్తితో కొడుతున్నట్టు, మెత్తగా సర్రుమంటే కోస్తున్నట్టు. వేగం మాటే తలపెట్టకండి. ముక్కలు ఒక్కలా రావడమే కావాలి. మందం తేడాగా ఉంటే, బాణలిలో సన్నవి మాడేసరికి లావువి పచ్చిగానే ఉంటాయి. మీ కోత ఎలా ఉందో ఉప్మాలోని ఉల్లిముక్కల రంగు చెప్పేస్తుంది.

కళ్ల మంట సంగతీ కత్తితోనే ముడిపడి ఉంది. పాయలోని కణాలు చితికినప్పుడు ఒక ఎంజైము పనిచేసి, కళ్లను మండించే వాయువు పుడుతుంది. పదునైన కత్తి తక్కువ కణాలను చితకగొడుతుంది. కోసేముందు పాయను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టినా ఆ వాయువు తగ్గుతుంది. ఏడుపు ఎక్కువైందంటే కత్తి మొద్దుబారిందేమో చూసుకోవాలి. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెడతాం, అది పొట్టు మీద జారి వేలి మీదికి వస్తుంది. పండిన టమాటా మీద ఏ బలమూ పెట్టకుండా కత్తి జరపండి. తోలు తెగకుండా జారితే సాన పట్టాల్సిందే.

సానరాయి లేకపోతే పింగాణీ టీ కప్పు ఉంది కదా. బోర్లిస్తే అడుగున మెరుపు లేని గరుకు అంచు కనిపిస్తుంది. మూడు సెంటీమీటర్ల వెడల్పు రేకైతే వీపును సుమారు ఒక సెంటీమీటరు పైకెత్తి, వాదరను ముందుకు నడిపిస్తూ మడమ నుంచి మొన దాకా తేలిగ్గా జరపాలి. ఒక్కో పక్కకు పదిసార్లు, ఒకే వంపులో. తర్వాత తడిగుడ్డతో తుడవాలి. రంపపు పళ్లున్న చాకుకు ఇది పనికిరాదు. అది మొండిబారితే కొత్తది కొనుక్కోవడమే.

కోసిన ముక్కల్ని బాణలిలోకి తోసేటప్పుడు కత్తిని తిప్పి, వీపుతో తోయాలి. వాదరతో గీకితే ఇప్పుడే పట్టిన సాన పోతుంది. కత్తి చేతిలోంచి జారితే పట్టుకోబోకుండా కాళ్లు వెనక్కి లాక్కోవాలి. పని అయ్యాక దాన్ని గిన్నెల మధ్య సబ్బునీళ్లలో వదిలెయ్యకండి. చిన్న గదిలో రాత్రి ఆ గిన్నెలు తోమేది రూమ్మేటే కావచ్చు, నురగ కింద వాదర ఎటుందో అతనికి కనబడదు.