నాయనమ్మ పాల పద్దు

కృష్ణా జిల్లాలో మా నాయనమ్మ రెండు గేదెల పాలు ఇళ్లకు పోసేది. ఇంటికో పేజీ చొప్పున పద్దు రాసుకున్న పుస్తకాలు ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. అట్టలు చెదలు పట్టడం చూసి, వాటిని కంప్యూటర్‌లో పట్టికగా ఎక్కిద్దామని కూర్చున్నాను. ముందుగా 1999 జూన్‌లో బడి పక్కింటి పేజీ తీశాను.

పేజీ పైన “వాడుక” అని రాసి పక్కన రెండు నిలువు గీతలు ఉన్నాయి. వాటిని పదకొండనుకుని చదివాను. నాయనమ్మ విని, “పదకొండు లీటర్లు ఒక్కింటికి పోస్తే మిగతా ఊరికి ఏం పోస్తానురా? అది అర” అంది. పాత తెలుగు లెక్కల్లో పావుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. ఇప్పుడు ఆ గుర్తులకు యూనికోడ్‌లోనూ చోటుంది, 2008లో చేరాయి. నాయనమ్మ వాటిని వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుంది.

అర అని తెలిశాక 1/2 అని కొట్టాను. గడిలో 01-Feb అని తేదీ వచ్చి కూర్చుంది. ఇలాంటి పట్టికల్లో అడ్డగీత పెట్టి రాసిన భిన్నాన్ని తేదీగా మార్చేయడం మామూలే. ఆ గడిని కూడికలో కలిపితే లీటర్ల లెక్క వేలల్లోకి పోతుంది, ఎందుకంటే తేదీ లోపల ఒక పెద్ద అంకెగా ఉంటుంది. అందుకని 0.5 అనే రాశాను.

అసలు చిక్కు ఖాళీ తేదీలతో వచ్చింది. నెలంతటికీ పేజీలో ఉన్న తేదీలు ఐదే. 8, 9, 10 పక్కన సున్నలు. 20 పక్కన “అదనం 1”. 24 పక్కన రెండు గీతలు, వాటి కింద చుక్క. మిగతా ఇరవై ఐదు రోజులు ఏమీ లేదు. ఏమీ లేకపోతే పాలు పోయలేదనుకుని వాటినీ సున్నలు చేశాను. కానీ అడుగున ఆమె వేసిన మొత్తం 176 రూపాయలు. నాకు ముప్పై కూడా రాలేదు.

“వాడుక పైన రాశాను కదరా, రోజూ రాయడమెందుకు? తేడా వచ్చిన రోజే రాస్తాం” అంది. ఆమె పుస్తకంలో ఖాళీ అంటే మామూలుగా అర లీటరు పోసినట్టు. వాళ్లు ఊరెళ్లి పాలు వద్దన్న రోజుకే సున్న. ఈ రెండూ ఒకటి కాదని తెలిశాక పట్టిక మళ్లీ మొదటి నుంచి వేశాను. రోజుకో వరుస, అదనం పోసిన రోజుకు మరో వరుస, మొత్తం ముప్పై ఒకటి. పదహారో తేదీన లీటరు ధర 12 నుంచి 13 అయింది. అందుకని ధరను ఎక్కడో పైన ఒకసారి కాక, ప్రతి వరుసలోనూ పెట్టాను.

```
తేదీ,ఇల్లు,లీటర్లు,ధర,గమనిక
1999-06-08,బడి పక్కిల్లు,0,12,ఊరెళ్లారు
1999-06-20,బడి పక్కిల్లు,0.5,13,
1999-06-20,బడి పక్కిల్లు,1,13,అదనం
1999-06-24,బడి పక్కిల్లు,0.5,13,
```

మొత్తానికి ఒకే సూత్రం చాలు. ప్రతి వరుసలో లీటర్లను ధరతో గుణించి అన్నీ కలుపుతుంది:

```
=SUMPRODUCT(C2:C32,D2:D32)
```

182.50 వచ్చింది. నాయనమ్మ కంటే ఆరున్నర రూపాయలు ఎక్కువ. కూడికలో ఆమె పొరబడిందనుకున్నాను. కానీ ఆరున్నర అంటే పదమూడు రూపాయల ధరకు సరిగ్గా అర లీటరు. నెల రెండో సగంలో ఏదో ఒక రోజు పాలకు డబ్బు పడలేదన్నమాట. 24 దగ్గరి చుక్కను వేలితో చూపించాను.

“ఆ రోజు వాళ్లింట్లో కాచగానే విరిగిపోయాయి. గిన్నె తప్పో నా పాల తప్పో ఎవరు చెప్పొచ్చారు? డబ్బులు పట్టుకోలేదు.”

ఆ వరుసలో లీటర్లు తీసేస్తే మొత్తం సరిపోతుంది, కానీ అది అబద్ధపు లెక్క అవుతుంది. గేదె ఇచ్చింది, ఆమె పోసింది. ఆ ఇంటికి నెలలో వెళ్లినవి పద్నాలుగున్నర లీటర్లు, డబ్బు వచ్చింది పద్నాలుగింటికి. అందుకని 0.5ను అలాగే ఉంచి ధర గడిలో సున్న పెట్టాను, గమనికలో “విరిగాయి” అని రాశాను. మొత్తం 176కు వచ్చింది.

తర్వాత ఒక్కో పేజీ ఫోటో తీసుకుని, ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే ఎక్కించాను. జులై పేజీల్లో నాలుగు చోట్ల ఒక కొక్కెం లాంటి గుర్తుంది. నాయనమ్మ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది, గుర్తు రాలేదు. ఆ నాలుగు గడుల్లో సున్న పెట్టలేదు, అరా పెట్టలేదు. “తెలియదు” అని రాసి ఉంచాను.