తెల్లవారితే శుక్రవారం

పెళ్లి ముహూర్తం 12వ తేదీ గురువారం రాత్రి 2-14 నిమిషాలకు. పంచాంగం లెక్కలో మర్నాడు సూర్యోదయం దాకా అది గురువారమే. గడియారం లెక్కలో అర్ధరాత్రి దాటింది కాబట్టి 13, శుక్రవారం. అందుకే శుభలేఖల్లో ‘గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం’ అని వేస్తారు.

చాన్నాళ్ల కిందట నేను ప్రూఫులు చూసిన ప్రెస్సులో సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్నాం. పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేసి ‘పన్నెండు కాదండీ, పదమూడు పడాలేమో చూడండి’ అన్నారట. మావాళ్లు తారీఖుతోపాటు వారం కూడా మార్చేసి ‘13వ తేదీ శుక్రవారం రాత్రి’ అని కొట్టేశారు. ముహూర్తం ఒక రోజు ముందుకు జరిగిపోయింది. 300 కార్డులు! ఎవరు ఏమన్నారో తేల్చడానికి కాగితం ముక్క లేదు. ఖర్చు చెరిసగం పెట్టుకుని మళ్లీ వేశాం.

ఈ సంగతి ఈమధ్య విజయవాడలో ఒకావిడకు కాగితం మీద రాసి చూపిస్తే పడీపడీ నవ్వారు. ఆవిడ శుభలేఖలు డిజైన్ చేస్తారు. తొమ్మిదో ఏట మెదడు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. ఫోన్లో ఆర్డరు తీసుకోవడమన్నది ఆవిడ దగ్గర అసలు లేదు.

మొదట ఆవిడ ఒక ఆఫీసులో డేటా ఎంట్రీకి చేరారు. రోజంతా టైపింగే కదా, ఇబ్బందేముంటుందనుకున్నారు. తీరా చేరాక, ఫారంలో ఒక అంకె కనబడకపోతే పంపినవాళ్లకు ఫోన్ చేసి కనుక్కోవాలి. ప్రతిసారీ పక్క సీటువాళ్లను బతిమాలుకోవడం, వాళ్లు విసుక్కోవడం. ఆరు నెలల్లో మానేశారు. చేతిపనే అయినా, అందులో అనుమానం వస్తే ఎలా తీర్చుకోవాలో ముందు చూసుకోవాలని అక్కడే తెలిసొచ్చిందంటారు. అచ్చు పనిలో అనుమానాలు ప్రూఫు మీదే తీరతాయి. దిద్దుబాట్లు మార్జిన్లో రాయడం, చివర ‘ఓకే’ అని సంతకం పెట్టించుకోవడం సీసం అక్షరాల రోజులనుంచీ ఉన్న అలవాటే. ఆవిడ దాన్నే వాట్సాప్‌లోకి తెచ్చుకున్నారు.

ఆవిడ నంబరుకు మెసేజ్ పెట్టగానే దానంతటదే ఒక జవాబు వస్తుంది: ‘నమస్కారం. నాకు వినపడదు. దయచేసి కాల్, వాయిస్ మెసేజ్ వద్దు. వివరాలు టైపు చేయండి, లేదా కాగితం మీద రాసి ఫొటో పంపండి.’ వాట్సాప్ బిజినెస్‌లో ఈ ఏర్పాటు ఉంది. తరచూ అడగాల్సిన ప్రశ్నలను కూడా అందులో దాచుకున్నారు. / కొట్టి ఒక చిన్న పేరు టైపు చేస్తే ప్రశ్న మొత్తం వచ్చేస్తుంది. వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, తల్లిదండ్రులు, ఆహ్వానించేవారు, వేదిక, విందు వేళ ఒక్కొక్కటిగా అడుగుతారు.

ముహూర్తం దగ్గరికొచ్చేసరికి మాత్రం దారి మారుస్తారు. మొన్న ఒక పెద్దాయన ‘12 గురు రాత్రి 2-14’ అని పంపారు. ‘తెల్లవారితే శుక్రవారమేనా?’ అని అడిగితే ఆయన అటూ ఇటూ అయిపోతారు. ఆవిడ అడిగింది ఇది: ‘బంధువులు మండపానికి ఏ రోజు సాయంత్రం రావాలి?’ ఆయన ‘గురువారం సాయంత్రం’ అన్నారు. అనుమానం తీరిపోయింది. ప్రూఫు పంపాక ‘ఓకే’ అంటే ఒప్పుకోరు. తారీఖు, వారం, సమయం, వధూవరుల పేర్లు ఆయనే మళ్లీ టైపు చేసి పంపాలి. ప్రూఫు మీద కళ్లు జారిపోతాయి గానీ, సొంతంగా టైపు చేసేటప్పుడు మనిషి ఆగి చూసుకుంటాడు. ఇరవై ఏళ్లు ప్రూఫులు చూసిన నాకు ఈ చిట్కా ఎప్పుడూ తట్టలేదు.

ఇంతా చేశాక ఇంకో గండం ఉంది. కస్టమర్ ఫోన్లో టైపు చేసి పంపేది యూనికోడ్ తెలుగు. ప్రెస్సుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే ఎక్కువ. యూనికోడ్ మాటను తీసుకెళ్లి అందులో నేరుగా అతికిస్తే పిచ్చి గుర్తులు పడతాయి. కన్వర్టర్‌తో మార్చాలి. మార్చాక కూడా మూడు హల్లులు కలిసిన చోట వత్తు తారుమారయ్యే ప్రమాదం ఉంటుంది. ‘లక్ష్మి’ లేని తెలుగు శుభలేఖ ఎంత అరుదో మనకు తెలుసు! అందుకే పేర్లను ఆవిడ మార్చరు, తిరిగి టైపు చేస్తారు. చేతిరాత ఫొటో అయితే ‘ధ’, ‘థ’ల మధ్య తేడా ఒక్క చుక్కే కాబట్టి ఆ మాటను పెద్దది చేసి పంపి అడుగుతారు.

చెప్పినా వినకుండా వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాళ్లు ఉంటారు. మాటను అక్షరాల్లో చూపించే గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగులోనూ పనిచేస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషితో ముచ్చటకు అది బాగానే పనికొస్తుందట. ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు, నిమిషాల అంకెల దగ్గర మాత్రం ఆవిడ దాన్ని నమ్మరు. ఆ మెసేజ్‌కు ‘వినలేను, రాయండి’ అనే జవాబిస్తారు. కొందరు అక్కడితో మానేసి ఇంకో చోటికి వెళ్లిపోతారు. ఆ నష్టం ఉన్నదే.

ఆవిడ భర్తకు పుట్టుకతోనే వినపడదు. చేసేది స్క్రీన్ ప్రింటింగ్. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 లెక్కలో రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ నష్టముంటే బధిరులు. ఆ లెక్కలో ఇద్దరూ ఒకటే. పని దగ్గర మాత్రం ఇద్దరికీ చాలా తేడా. ఆవిడకు చెవులు పోయేనాటికి తెలుగు వచ్చేసింది, చదవడం రాయడం పట్టుబడింది. ఆయన మొదటి భాష సైగలే. సైగల భాషకు దాని వ్యాకరణం దానికుంది, అది తెలుగులా నడవదు. విభక్తులు, క్రియల చివర్లు ఆయనకు పరాయి భాషలాగే ఉంటాయి. ‘చెవిటివాళ్లకు రాతపని ఇచ్చేస్తే సరి’ అని తేలిగ్గా అనేవాళ్లకు ఇది తెలియదు. ఆయన్ను ప్రూఫులు చూడమంటే రోజూ పరీక్ష పెట్టినట్టే.

స్క్రీన్ దగ్గర ఆయన కన్ను వేరు. మెష్ బిగించిన ఫ్రేముకు మందు పూసి, ఆరబెట్టి, పాజిటివ్ ఫిల్మ్ పెట్టి వెలుతురు చూపిస్తారు. వెలుతురు తగిలిన చోట మందు గట్టిపడుతుంది, అక్షరాల కింద మెత్తగా ఉన్నది నీళ్లకు కడిగితే పోతుంది. ఆ దారిగుండా స్క్వీజీతో ఇంకు లాగితే కార్డు మీద అక్షరం పడుతుంది. వెలుతురు తక్కువైతే కడిగేటప్పుడు అంచులు ఊడిపోతాయి. మరీ ఎక్కువైతే సన్నని గీతలు తెరుచుకోవు. సున్నాలో, ‘థ’ చుక్కలో మొదట బయటపడుతుందది. ఎర్ర అక్షరం పక్కన బంగారు గీత వేసేటప్పుడు గుర్తు మీద గుర్తు కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా ఆయన ఆపేస్తారు. మెషీన్ ఉన్న ప్రెస్సులో ఇలాంటి మనిషికి హెచ్చరిక బజర్ సరిపోదు, లైటు కూడా పెట్టాలి. ఇంట్లో చేత్తో లాగే స్క్రీన్‌కు ఆ గొడవ లేదు.

భార్యాభర్తలకు పని పంచుకోవడంలో తగాదా లేదు. అక్షరం ఆవిడది, ఇంకు ఆయనది. పేచీ అంతా గుమ్మం దగ్గరే. శివకాశి నుంచి ఖాళీ కార్డుల కట్ట వచ్చిన రోజు పార్సిల్ అబ్బాయి సందు మొదట్లో నిలబడి ఫోన్ చేస్తాడు. ఎత్తేవాళ్లుండరు. ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని రాసుకుని వెళ్లిపోతాడు. రెండుసార్లు అలా కట్ట వెనక్కి పోయాక, అడ్రసులో పేరు పక్కనే ‘వినపడదు, ఫోన్ వద్దు, మెట్ల దగ్గర స్విచ్ నొక్కండి’ అని వేయించడం మొదలుపెట్టారు. ఆ స్విచ్ నొక్కితే పైన గదిలో బల్బు వెలుగుతుంది.

నేను వెళ్లిన రోజు కూడా బల్బు వెలిగింది. ఆయన చేతులకున్న బంగారు ఇంకు గుడ్డతో తుడుచుకుంటూ కిందికి దిగారు.