స్కాన్ నార్మల్ వచ్చినా వదలకూడని నొప్పి

స్వీడన్‌లోని లుండ్‌లో 1960 నుంచి 1984 వరకు, పీఐడీ అనుమానంతో వచ్చిన మహిళలకు వైద్యులు లాపరోస్కోపీ చేసి ఫెలోపియన్ ట్యూబులను నేరుగా చూశారు. తర్వాత ఏళ్ల తరబడి వారిని గమనించారు. లార్స్ వెస్ట్రోమ్ బృందం 1992లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఈ ఇన్‌ఫెక్షన్ ఒకసారి వచ్చినవారిలో 8 శాతం మందికి ట్యూబులు దెబ్బతిని సంతానం కలగలేదు. రెండుసార్లు వచ్చినవారిలో అది దాదాపు 20 శాతం, మూడు అంతకు మించి వచ్చినవారిలో 40 శాతం.

యోని నుంచి పైకి పాకిన బ్యాక్టీరియా ట్యూబు లోపలి సున్నితమైన పొరను దెబ్బతీస్తుంది. పుండు మానినా మచ్చ మిగులుతుంది. దారి ఇరుకైతే పిండం ట్యూబులోనే నిలిచిపోవచ్చు. అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటే పొత్తికడుపు నొప్పి నెలల తరబడి వేధించవచ్చు.

అందుకే ఆలస్యం పనికిరాదు.

పొత్తికడుపు నొప్పితో వచ్చిన మహిళకు ముందుగా గర్భ పరీక్ష చేస్తారు. లోపలి పరీక్షలో గర్భాశయ ముఖద్వారాన్ని వేలితో కదిపినప్పుడు ఆమె నొప్పితో ఉలిక్కిపడితే, వేరే కారణం కనిపించకపోతే, రిపోర్టుల కోసం ఆగకుండా మందులు మొదలుపెడతారు. స్కాన్ నార్మల్‌గా ఉన్నా పీఐడీ లేదని చెప్పలేం.

తీవ్రత తక్కువైతే సాధారణంగా సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఒకటి, డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ మాత్రలు 14 రోజులు ఇస్తారు. 72 గంటల్లో మెరుగు కనిపించకపోతే చీముగడ్డ ఉందేమో చూడాలి. నొప్పి తగ్గిందని మాత్రలు మధ్యలో ఆపకూడదు. భాగస్వామికీ చికిత్స జరగాలి, లేకపోతే ఇన్‌ఫెక్షన్ మళ్లీ వస్తుంది.