ఓపిక లేని రోజుకు ఒక పట్టిక

డిప్రెషన్‌కు చేసే మానసిక చికిత్సల్లో బిహేవియరల్ యాక్టివేషన్ ఒకటి. చిన్ననాటి జ్ఞాపకాలను తవ్వే పని ఇందులో లేదు. ఆలోచనలు సరైనవా కావా అన్న తర్కం కూడా తక్కువే. మనిషి పొద్దున లేచింది మొదలు ఏం చేస్తున్నాడు, ఏం మానేశాడు, ఆ మానేసినవాటిలో దేన్ని ఎంత చిన్నదిగా చేసి మళ్లీ రోజులోకి తేవచ్చు అన్నదే ఈ చికిత్స మొత్తం. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని అందరూ అనుకుంటారు. డిప్రెషన్‌లో ఆ ఉత్సాహం దానంతటది రాదు కాబట్టి, ఇక్కడ పని ముందు, ఉత్సాహం తర్వాత.

ఈ వరస ఎందుకో తెలియాలంటే డిప్రెషన్ ఎలా కొనసాగుతుందో చూడాలి. నష్టమో, అవమానమో, జబ్బో, ఒక్కోసారి ఏ కారణమూ కనబడకుండానో మనిషి నీరసిస్తాడు. నీరసంతో నలుగురిలోకి వెళ్లడం తగ్గుతుంది, ఫోన్లు ఎత్తడు, పనులు రేపటికి వాయిదా పడతాయి. ఫోన్ ఎత్తకపోతే ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది. అసలు చిక్కు ఆ హాయిలోనే ఉంది. తప్పించుకున్న ప్రతిసారీ కాస్త ఊరట దొరుకుతుంది కనుక తప్పించుకోవడమే అలవాటవుతుంది. ఈలోగా జీవితంలో సంతోషం, తృప్తి ఇచ్చే సందర్భాలు ఒక్కొక్కటే కరిగిపోతాయి, తీరని పనులు పేరుకుంటాయి, మనసు ఇంకా కుంగుతుంది. ఈ చక్రాన్ని 1970ల్లో అమెరికన్ మనస్తత్వవేత్తలు చార్లెస్ ఫెర్‌స్టర్, పీటర్ లూయిన్‌సన్ వివరించారు. 1996లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నీల్ జేకబ్‌సన్ బృందం చేసిన పరిశోధన దీనికి గట్టి ఊతమిచ్చింది. అప్పటికే పేరున్న కాగ్నిటివ్ థెరపీలోంచి పనుల పట్టిక భాగాన్ని ఒక్కదాన్నే విడదీసి ఇస్తే, పూర్తి చికిత్స పొందినవారితో సమానంగా ఆ రోగులూ కోలుకున్నారు.

చికిత్స ఎలా సాగుతుందో ఒక కల్పిత ఉదాహరణతో చూడవచ్చు. లక్ష్మికి 38 ఏళ్లు, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నాలుగు నెలలుగా డిప్రెషన్. తెల్లవారుజామునే మెలకువ వస్తుంది, కానీ పది దాటేదాకా మంచం దిగదు. కుట్టాల్సిన గుడ్డలు మూటలోనే ఉన్నాయి. ఖాతాదారులు ఫోన్ చేస్తారని ఫోన్ సైలెంట్‌లో పెట్టేసింది. థైరాయిడ్ పరీక్షలు, రక్తహీనత పరీక్షలు చేసి అవేవీ లేవని డాక్టర్ తేల్చారు.

మొదటి వారం ఆమె ఏదీ మార్చనక్కర లేదు, రాసుకుంటే చాలు. రెండు గంటలకోసారి ఏం చేస్తున్నదీ రెండు మాటల్లో, మనసు ఎలా ఉన్నదీ 0 నుంచి 10 లోపు ఒక అంకెలో. అదీ కష్టమైతే రోజుకు మూడుసార్లు. రోజంతా ఒకేలా ఉంటోందని లక్ష్మి మొదట చెప్పింది. కాగితం మాత్రం వేరేలా చెప్పింది. మంచంలో పడుకున్న గంటలన్నీ 1. మోగుతున్న ఫోన్‌ను చూస్తూ ఎత్తకుండా ఉన్నప్పుడు కాసేపు 2, ఆ వెంటనే 1. సాయంత్రం గడపలో కూర్చున్నప్పుడు 3. వదిన కూతురు వచ్చి గుండీల డబ్బా ముందేసుకుని కబుర్లు చెప్పిన అరగంట 4. నాలుగంటే పెద్ద సంతోషమేమీ కాదు. అయినా ఒకటికీ నాలుగుకీ మధ్య తేడా ఉందని, ఆ తేడా చేసే పనిని బట్టి వస్తోందని ఆమె చేతిరాతలోనే తేలింది. డిప్రెషన్‌లో జ్ఞాపకం అన్ని రోజులకూ ఒకే రంగు పూస్తుంది, అందుకే ఈ రాతపని.

రెండో వారం మూడు పనులు ఎంచుకున్నారు. ఎంపికలో నైపుణ్యమంతా పరిమాణంలోనే ఉంటుంది. పొద్దున్నే లేచి స్నానం చేస్తానని లక్ష్మి అంది. బాగున్నవారికి అది ఒక్క పని. ఆమెకు మాత్రం మంచం దిగడం, నీళ్లు కాచుకోవడం, బట్టలు వెతుక్కోవడం, తల తడుపుకోవాలా వద్దా అని తేల్చుకోవడం కలిపి అయిదారు పనులు. చేయగలనన్న నమ్మకం పదికి ఎంత అని కౌన్సెలర్ అడిగితే 4 అంది. ఎనిమిదికి తక్కువ వస్తే పనిని కోయాలి. అలా కోయగా మిగిలింది ఇది: ఏడున్నరకు అత్తగారు టీ పెట్టాక లేచి, గడపలో కుర్చీ వేసుకుని అక్కడే తాగడం. రెండోది, సాయంత్రం నాలుగింటికి మూటలోంచి ఒకే జాకెట్ తీసి పది నిమిషాలు హుక్స్ కుట్టడం, జాకెట్ పూర్తి కాకపోయినా సరే పది నిమిషాలకు ఆపేయడం. మూడోది, ఒక ఖాతాదారుకు ‘ఇంకో రెండు వారాలు పడుతుంది’ అని మెసేజ్ పెట్టడం. ప్రతి పనికీ ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్నవి రాసి ఉన్నాయి. ‘కొంచెం పని చేయాలి’ అని రాస్తే అది పట్టిక కాదు, కోరిక.

వారం చివర చూస్తే గడపలో టీ అయిదు రోజులు, హుక్స్ మూడు రోజులు, మెసేజ్ అసలే లేదు. మంచి కౌన్సెలర్ ఇక్కడ మెచ్చుకోలుతోనో మందలింపుతోనో ఆగడు. మెసేజ్ పెట్టబోయిన క్షణంలో ఏం జరిగిందని అడుగుతాడు. ఫోన్ చేతిలోకి తీసుకోగానే ‘తిట్టిపోస్తుంది’ అనిపించిందట, పక్కన పెట్టేసిందట, ప్రాణం తేలికపడిందట. తప్పించుకోవడం, ఊరట అన్న పాత చక్రమే మళ్లీ తిరిగింది. కనుక పనిని ఇంకా చిన్నది చేశారు. వదిన పక్కన కూర్చుని టైప్ చేస్తుంది, లక్ష్మి మాటలు చెప్పి ‘పంపు’ అంటే చాలు. జరగని పని ఇక్కడ ఓటమి కింద లెక్కకు రాదు. పని పెద్దదైందనో, వేళ కుదరలేదనో, ఏదో భయం అడ్డొచ్చిందనో అది చెబుతుంది.

అంకెల్లో ఇంకో సంగతి బయటపడింది. హుక్స్ కుట్టినప్పుడు సంతోషం 1 మాత్రమే, కానీ ఏదో సాధించానన్న తృప్తి 5. తొలి వారాల్లో చాలామందిలో సంతోషం కదలదు, తృప్తి కాస్త ముందు కదులుతుంది. ఒక్క సంతోషాన్నే కొలిచేవారు ‘చేశాను, ఏమీ రాలేదు’ అని రెండో వారంలోనే మానేస్తారు. అందుకే ఈ రెండిటినీ విడివిడిగా రాయిస్తారు. పట్టికలో విధులే నిండినా ప్రమాదమే. అంట్లు, బట్టలు, బాకీలు మాత్రమే ఉంటే మనిషి ఇంకా అలసిపోతాడు. లక్ష్మి పట్టికలో వారానికి రెండు సాయంత్రాలు వదిన కూతురితో గడపడం అలా చేరింది.

మూడో వారం ఒక పొరపాటు జరిగింది. దాదాపు అందరికీ జరిగేదే. ఒకరోజు హుషారు అనిపించి లక్ష్మి రాత్రిదాకా కూర్చుని నాలుగు జాకెట్లు కుట్టింది. తర్వాతి రెండు రోజులూ మంచం దిగలేదు. ఓపిక ఉన్న రోజు బాకీలన్నీ తీర్చేయాలన్న ఆత్రమే కారణం. అప్పటి నుంచి పట్టికలో కనీస హద్దుతో పాటు గరిష్ఠ హద్దూ రాశారు: బాగోలేని రోజు కూడా పది నిమిషాలు, ఎంత బాగున్న రోజైనా నలభై నిమిషాలు. పది నుంచి ఇరవైకి, ఇరవై నుంచి నలభైకి పెంచడం వారాల మీద జరిగింది.

పని జరుగుతున్నా అంకె కదలకపోతే చూడాల్సింది ధ్యాస ఎక్కడుందన్నది. గడపలో టీ తాగుతూనే ‘నేనెందుకిలా అయిపోయాను’ అని అదే ఆలోచనను తిప్పుతూ ఉంటే, మనిషి పైకి గడపలో ఉన్నా నిజానికి ఇంకా మంచంలోనే ఉన్నట్టు. ఈ తలపోతను కూడా చికిత్సకులు ఒక పనిగానే, తప్పించుకునే దారిగానే చూస్తారు. దానితో వాదించరు, చేతికీ కంటికీ పని పెట్టేదాన్ని పట్టికలోకి తెస్తారు. కాజాలు కుట్టడం, ఎవరితోనైనా మాట్లాడుతూ కూర తరగడం లాంటివి.

‘లేచి నాలుగు పనులు చేసుకుంటే అదే పోతుంది’ అని ఇంట్లోవాళ్లు ఎప్పుడూ అనేదే కదా ఇది అనిపించవచ్చు. మాట ఒకటే అయినా లెక్క వేరు. ఇంట్లోవాళ్లు నాలుగు పనులంటారు, చికిత్స పావు పనితో మొదలుపెడుతుంది. ఇంట్లో చెయ్యకపోతే బద్ధకమంటారు, ఇక్కడ పనిని కోస్తారు. కుటుంబం పట్టికను చేతబట్టుకుని హాజరు తీసుకోవడం మొదలెడితే రోగి ఆ పట్టికనూ తప్పించుకుంటాడు. టీ పెట్టి ఇవ్వడం, పక్కన కూర్చోవడం వరకే వాళ్ల పాత్ర.

దీనికి ఖరీదైన నిపుణులే కావాలని లేదు. గోవాలో సంగత్ సంస్థతో కలిసి విక్రమ్ పటేల్ బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మానసిక వైద్యంలో ముందు చదువేమీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి ఈ పద్ధతి ఆధారంగా ఆరు నుంచి ఎనిమిది విడతల చికిత్స ఇప్పించింది. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందిలో ఈ చికిత్స అందినవారిలో 64 శాతం మూడు నెలలకు ఉపశమనం పొందారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో అది 39 శాతం. అంటే ఈ చికిత్స తర్వాత కూడా మూడోవంతు మందికి పైగా ఇంకేదో కావలసి వచ్చింది.

ఆ ఇంకేదో చాలాసార్లు మందులే. రెండూ కలిపి వాడటానికి అడ్డేమీ లేదు. డాక్టర్ రాసిన మాత్రలను పట్టిక మొదలైందని ఆపకూడదు. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకున్నా అతి హుషారు, విపరీతమైన ఖర్చు, ఆగని మాటలు ఉన్న దశ వచ్చి ఉంటే అది బైపోలార్ కావచ్చు, పనులు పెంచే ముందు సైకియాట్రిస్టును కలవాలి. కాస్త శ్రమపడితే మర్నాడు ఒళ్లంతా కూలబడే శారీరక జబ్బులు ఉన్నవారికి పనిని మెట్టు మెట్టుగా పెంచే ఈ లెక్క పనికిరాదు. తిండి నీళ్లు మానేసినవారికి, లేని గొంతులు వినబడేవారికి ముందు ఆసుపత్రి కావాలి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఏ పట్టిక కోసమూ ఆగకుండా ఇంట్లో ఒకరికి చెప్పాలి, 14416కు ఫోన్ చేయాలి. అది కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.