ముందున్న సున్నాలు తీసేయకండి

ఆఫీసులో డేటా క్లర్కు పంపే చీటీని చాలామంది పైపైన చూసి వదిలేస్తారు. ఈ కింది చీటీ వస్తే మాత్రం అలా వదిలేయకూడదు. ఎందుకంటే ఇది జీతంతో ముడిపడిన విషయం.

“అందరికీ నమస్కారం. ఒకటో తేదీ నుంచి ఉద్యోగి నంబరును రిజిస్టర్లలోనూ ఎక్సెల్ షీట్లలోనూ ఒకే తీరుగా రాద్దాం. ముందు EMP, దాని వెంటనే అయిదు అంకెలు. ఉదాహరణకు EMP00452. మధ్యలో గీత, ఖాళీ, ఊరి పేరు వద్దు. ముందున్న సున్నాలు తీసేయకండి. ఎవరి పాత నంబరుకు ఏ కొత్త నంబరు వచ్చిందో జాబితా జతచేశాను. అందులో చూసే రాయండి, ఊహించి రాయకండి.”

ఇంత పట్టింపు ఎందుకు? విజయవాడ, కర్నూలు, వరంగల్‌లలో శాఖలున్న ఒక సంస్థ ఉందనుకుందాం. ఒకే ఉద్యోగి నంబరు హాజరు పట్టీలో 452 అనీ, జీతాల షీటులో 00452 అనీ, శాఖ రిజిస్టరులో VJA/452 అనీ ఉంటుంది. మన కంటికి ముగ్గురూ ఒకరే. ఎక్సెల్‌కు మాత్రం ముగ్గురు వేరువేరు మనుషులు. నెలాఖరున హాజరును జీతాల షీటులోకి తేవడానికి VLOOKUP వాడితే, ఆ ఉద్యోగి వరుసలో #N/A అని వస్తుంది. మనిషి నెలంతా పనిచేసినా హాజరు దొరకదు.

ఈ తేడాను పట్టుకోవడానికి ఓ చిన్న గుర్తుంది. మనం ప్రత్యేకంగా మార్చకపోతే ఎక్సెల్ అంకెను గడిలో కుడివైపుకు, అక్షరాలుగా తీసుకున్నదాన్ని ఎడమవైపుకు జరిపి చూపిస్తుంది. ఒకే నిలువు వరుసలో కొన్ని నంబర్లు అటూ కొన్ని ఇటూ కనిపిస్తే అక్కడ రెండు రకాలు కలిసిపోయాయన్న మాట.

సున్నాలు పోవడానికి కారణమూ ఇదే. మామూలు గడిలో 00452 కొడితే ఎక్సెల్ దాన్ని పరిమాణంగా లెక్కగట్టి, విలువ లేని సున్నాలను తీసేస్తుంది. CSV ఫైలును నేరుగా తెరిచి సేవ్ చేస్తే ఆ ఫైల్లోంచీ అవి పోతాయి. కానీ ఉద్యోగి నంబరును మనం కూడం, హెచ్చవేయం. అది మనిషిని గుర్తుపట్టడానికే. ముందు EMP పెడితే ఎక్సెల్ దాన్ని అక్షరాలుగానే ఉంచుతుంది, సున్నాలు నిలుస్తాయి. గీత వద్దనడం కూడా ఊరికే కాదు. 3-12 అని కొడితే అది తేదీ అయిపోతుంది. MARCH1, SEPT1 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ ఇలాగే తేదీలుగా మార్చేస్తుంటే విసిగిపోయి, 2020 నాటికి శాస్త్రవేత్తలు ఆ పేర్లనే మార్చుకున్నారు.

ఊరి పేరు తీసేయడం మరీ ముఖ్యం. విజయవాడ ఉద్యోగికి వరంగల్ బదిలీ అయితే VJA అబద్ధమవుతుంది. మారిస్తే పాత రికార్డులతో లంకె తెగుతుంది. అయితే తీసేసినప్పుడు ఒక చిక్కు బయటపడుతుంది. ప్రతి శాఖా ఒకటి నుంచి నంబర్లు ఇచ్చుకుంటూ వచ్చింది కాబట్టి విజయవాడలోనూ 452 ఉంటారు, కర్నూలులోనూ ఉంటారు. పాత నంబరు A2 గడిలో ఉంటే కొత్తదాన్ని ఈ సూత్రం తయారుచేస్తుంది:

```
="EMP"&TEXT(A2,"00000")
```

దీన్ని కళ్లుమూసుకుని అందరికీ వాడితే ఇద్దరూ EMP00452 అవుతారు. ఒకరి సెలవు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. #N/A అయితే కనీసం కనిపిస్తుంది, ఇది కనిపించదు. అందుకే ముందు COUNTIFతో రెండుసార్లు వచ్చిన నంబర్లు ఏరాలి. ముందు చేరిన విజయవాడ ఉద్యోగికి 00452 ఉంచి, కర్నూలు ఉద్యోగికి ఇప్పటిదాకా ఇచ్చిన వాటిలో చివరిదాని తర్వాతి నంబరు ఇవ్వాలి. చివరిది 1187 అయితే ఆయన EMP01188 అవుతారు. రిటైరైనవారి నంబర్లు కొత్తవారికి ఇవ్వకూడదు, వాళ్ల కాగితాలు ఇంకా వాడుకలోనే ఉంటాయి. జాబితా చూసే రాయమని క్లర్కు చెప్పింది ఇందుకే.

అన్నీ సరిగ్గా ఉంటే LEN సూత్రం ప్రతి నంబరుకూ 8 చూపాలి. 9 వస్తే ఎక్కడో ఒక ఖాళీ దూరి ఉండొచ్చు, 7 వస్తే ఒక సున్నా పోయి ఉండొచ్చు. కానీ 00452ను 00425 అని తారుమారుగా కొడితే ఈ పద్ధతి పట్టుకోలేదు, రెండూ ఎనిమిదే. ఆధార్‌లో చివరి అంకె ఇలాంటి తప్పులు పట్టడానికే ఉంది. ముందున్న అంకెలనుంచి లెక్కగట్టి పెట్టిన అంకె అది. చిన్న సంస్థలో అంత ఏర్పాటు అక్కర్లేదు, నంబరు పక్కన పేరు కూడా రాస్తే చాలు.

మీ ఆఫీసులోనూ నంబర్లు మారితే, ఆ నెల పేస్లిప్ రాగానే కొత్త నంబరు పక్కన మీ పేరే ఉందో లేదో, హాజరు రోజులు సరిపోయాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే ఆ నెలలోనే చెప్పండి.