ఒకే బిల్లు, రెండు షేడ్లు: సరుకు బాగోలేదని సప్లయరుకు రాసే ఉత్తరం

టైల్స్ షాపు నడిపేవాళ్లని ఎక్కువగా ఏడిపించేది పగిలిన పలక కాదు. పగిలింది కంటికి కనబడుతుంది, పక్కన పెట్టేస్తారు. అసలు తలనొప్పి షేడ్ తేడాతో వస్తుంది. డిజైన్ ఒకటే, సైజు ఒకటే, బిల్లూ ఒకటే. పెట్టె విప్పి ఒక్క పలక చూస్తే ఏ లోపమూ కనబడదు. హాల్లో పరిచాక మాత్రం సగం నేల ఒక రంగులో, సగం ఇంకో రంగులో తేలుతుంది. ఇంటాయన మేస్త్రీ మీద, మేస్త్రీ షాపువాడి మీద పడతారు. షాపువాడు సప్లయరుకు ఫోన్ చేస్తే, ‘వేసేశాక మేమేం చేస్తామండీ?’ అంటాడు.

బట్టీలో వేడి కొంచెం మారినా, మట్టిలోనో గ్లేజులోనో కాస్త తేడా వచ్చినా టైల్ రంగు మారుతుంది. అందుకే కంపెనీలు పెట్టె మీద డిజైన్ పేరుతో పాటు బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ముద్ర వేస్తాయి. షేడ్ 11 ఉన్న పెట్టెలన్నీ ఒక నేలకి, షేడ్ 14 ఉన్నవి ఇంకో నేలకి వాడాలన్నది దాని ఉద్దేశం. స్టాకిస్టు గోడౌన్‌లో పాత స్టాకూ కొత్త స్టాకూ పక్కపక్కన ఉంటాయి. నంబర్లు చూడకుండా లోడు ఎత్తితే రెండూ ఒకే బండిలోకి ఎక్కేస్తాయి. తప్పు ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

ఇలాంటప్పుడు సరుకు మార్చమనో, డబ్బు తగ్గించమనో సప్లయరుకు ఉత్తరం రాయాలి. దాని బలం కోపంలో ఉండదు, రాసే ముందు షాపులో చేసుకున్న పనిలో ఉంటుంది.

బండి దిగిన రోజు చేయాల్సింది

ఒక ఉదాహరణ తీసుకుందాం. నరసరావుపేటలోని ఓ షాపు విజయవాడ స్టాకిస్టు దగ్గర 600 మి.మీ. చదరపు విట్రిఫైడ్ టైల్స్ 200 పెట్టెలు కొన్నది. పెట్టెకి నాలుగు పలకలు, ధర ₹420. సరుకు విలువ ₹84,000, దాని మీద 18 శాతం జీఎస్‌టీ ₹15,120, మొత్తం ₹99,120. ఆర్డరు పెట్టేటప్పుడు వాట్సాప్‌లో ‘అన్నీ షేడ్ 11 మాత్రమే’ అని రాశారు. సరుకు ట్రాన్స్‌పోర్టు లారీలో వచ్చింది.

దించుతున్నప్పుడే ఆరు పెట్టెలు నలిగి, లోపల పలకలు విరిగి ఉన్నాయి. షాపాయన డెలివరీ చలానా మీద సంతకం చేసే ముందు ‘200 పెట్టెలు అందాయి, 6 పెట్టెల్లో విరిగిన పలకలు ఉన్నాయి’ అని రాసి, డ్రైవరు చేత కూడా సంతకం పెట్టించాడు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ‘మీ హమాలీలు దించేటప్పుడే విరిగాయి’ అనడానికి అవతలివాళ్లకి దారి దొరుకుతుంది.

మర్నాడు పెట్టెల మీద నంబర్లు చూసి వేరు చేస్తే షేడ్ 14వి 34 తేలాయి. రెండు షేడ్ల పలకలూ నాలుగేసి తీసి, ఆరుబయట పగటి వెలుతురులో పక్కపక్కన పరిచి, పెట్టె మీది ముద్ర కూడా కనబడేలా ఫొటో తీశాడు. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటో పనికిరాదు, ఆ వెలుతురులో ఏ రెండు పలకలైనా వేరుగానే కనిపించొచ్చు. తర్వాత అన్ని పెట్టెల్లోంచీ పలకలు తీసి, రెండేసి ముఖాముఖి ఆనించి చూశాడు. తిన్నగా ఉన్న జత కదలకుండా అతుక్కుంటుంది. బెండు ఉంటే ఒక మూల నొక్కగానే అవతలి మూల లేస్తుంది. అలా మరో ఐదు పెట్టెలు తేలాయి. అవి షేడ్ 11వే.

లెక్క ఇక్కడే రెండుగా చీలుతుంది. షేడ్ తేడావి 34, బెండువి 5, కలిపి 39 పెట్టెలు సప్లయరు లోపం. విరిగిన ఆరు దారిలో జరిగిన నష్టం. సరుకు లారీకి ఎక్కించడంతో సప్లయరు బాధ్యత తీరుతుందని బిల్లు షరతుల్లో ఉంటే, ఆ ఆరింటి గురించి ట్రాన్స్‌పోర్టుకే విడిగా రాయాలి. రోడ్డు రవాణా చట్టం ప్రకారం బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు వాళ్లకి రాతపూర్వకంగా నోటీసు అందకపోతే తర్వాత దావా నిలవదు. ఈ ఆరింటినీ సప్లయరు ఉత్తరంలో కలిపితే, ఆయన వాటిని పట్టుకుని మొత్తం ఫిర్యాదునే ట్రాన్స్‌పోర్టు మీదకి తోసేస్తాడు.

ఏం అడగాలో ముందే తేల్చుకోవాలి

‘తగిన న్యాయం చేయగలరు’ అని ముగించే ఉత్తరాలకి జవాబు రాకపోవడంలో వింత లేదు. న్యాయమంటే ఎంతో, ఎప్పటికో అందులో లేదు. మార్చి ఇమ్మంటున్నామా, క్రెడిట్ అడుగుతున్నామా అన్నది లోపాన్ని బట్టి తేల్చుకోవాలి.

బెండు పలకలు ఏ నేలకీ పనికిరావు, వెనక్కి పోవాల్సిందే. షేడ్ 14వి అలా కాదు. 34 పెట్టెలంటే సుమారు 527 చదరపు అడుగులు, ఓ చిన్న ఇంటికి సరిపోతాయి. వాటిలో వేరే లోపం లేదు, షేడ్ 11తో కలవవు, అంతే. మార్చమని అడిగేటప్పుడు ఇంకో చిక్కు కూడా గుర్తుంచుకోవాలి. అదే బ్యాచ్ షేడ్ 11 స్టాకిస్టు దగ్గర అయిపోతే, కంపెనీ మళ్లీ కాల్చి పంపే పలకలు షేడ్ 17గా రావచ్చు. అప్పుడు రెండోసారి లారీ కిరాయి తప్ప ఏమీ మిగలదు. అందుకే షేడ్ తేడాకి ‘అదే బ్యాచ్ ఉంటే మార్చండి, లేకపోతే క్రెడిట్ ఇవ్వండి’ అని రెండు దారులూ ఉత్తరంలో ముందే పెట్టడం మంచిది. తగ్గింపు ధరకి వాటినే ఉంచుకోవడం మూడో దారి. దాన్ని మొదటి ఉత్తరంలో పెట్టకూడదు. అది సప్లయరు నోటి నుంచి వస్తేనే బేరం మన చేతిలో ఉంటుంది.

ఉత్తరం

విజయవాడ స్టాకిస్టుకి ఆ షాపు రాసిన ఉత్తరం ఇలా ఉంటుంది:

> తేదీ: జూన్ 11
>
> మేనేజర్ గారికి,
>
> విషయం: జూన్ 7 నాటి మీ బిల్లు నం. 417 కింద వచ్చిన టైల్స్‌లో 39 పెట్టెల తిరస్కరణ
>
> పై బిల్లు మీద 600 మి.మీ. విట్రిఫైడ్ టైల్స్ 200 పెట్టెలు జూన్ 9న మాకు అందాయి. జూన్ 4న పంపిన మా ఆర్డరులో అన్నీ షేడ్ 11 కావాలని రాశాం. జూన్ 10న తనిఖీ చేయగా:
>
> 1. 34 పెట్టెల మీద షేడ్ 14 అని ఉంది. రంగు తేడా స్పష్టంగా కనిపిస్తోంది.
> 2. షేడ్ 11లోనే 5 పెట్టెల పలకలకు బెండు ఉంది.
>
> ఈ 39 పెట్టెలను మేము అంగీకరించడం లేదు. వీటిలో ఒక్క పలక కూడా అమ్మలేదు, వేయలేదు. గోడౌన్‌లో విడిగా ఉంచాం. మీ మనిషి ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.
>
> మా కోరిక: 39 పెట్టెలకు బదులు ఇప్పుడు మా దగ్గరున్న షేడ్ 11 బ్యాచ్ సరుకునే జూన్ 21లోపు మీ ఖర్చు మీద పంపి, ఇవి తీసుకెళ్లండి. ఆ బ్యాచ్ మీ దగ్గర లేకపోతే అదే తేదీలోపు ₹16,380, దాని మీద జీఎస్‌టీ ₹2,948.40, మొత్తం ₹19,328.40కి క్రెడిట్ నోట్ ఇవ్వండి. మిగతా సరుకు డబ్బు గడువు ప్రకారం చెల్లిస్తాం.
>
> జతపరచినవి: బిల్లు, ఆర్డరు, చలానా కాపీలు, ఫొటోలు, పెట్టెల నంబర్ల పట్టిక.

ఇందులో ‘మోసం’ లేదు, ‘ఇన్నేళ్ల సంబంధం’ లేదు. ‘అంగీకరించడం లేదు’ అన్న మాట మాత్రం తప్పనిసరిగా ఉండాలి. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, కొన్నవాడు సరుకు తన దగ్గర ఉంచుకుని, తగిన సమయంలో తిరస్కరిస్తున్నట్టు చెప్పకపోతే అంగీకరించినట్టే లెక్క. అమ్మినా, నేలకి వేసినా అంతే. అడిగిన సరుకులో అడగనిది కలిసి వస్తే, సరైనది ఉంచుకుని మిగతాది తిరస్కరించే హక్కును ఆ చట్టంలోని 37వ సెక్షన్ ఇస్తుంది. తిరస్కరించిన సరుకును మనమే లారీ మాట్లాడి వెనక్కి పంపాల్సిన పని కూడా లేదు. తిరస్కరించామని చెబితే చాలని 43వ సెక్షన్ అంటుంది.

తగిన సమయం అంటే ఎన్ని రోజులో ఆ చట్టం అంకె చెప్పదు. అందుకే బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ‘ఫిర్యాదులు ఏడు రోజుల్లోపు’ లాంటి షరతు ఉందేమో ముందు చూసుకోవాలి. చిన్న తరహా తయారీదారు దగ్గర నేరుగా కొన్నప్పుడు ఇంకో గడువు కూడా ఉంటుంది. ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు లెక్కగట్టి చెల్లింపు గడువు మొదలవుతుంది. వాయిదా దాటితే వడ్డీ పడుతుంది. ఫోన్లో ఎంత అరిచినా అది రాతపూర్వక అభ్యంతరం కాదు.

వాట్సాప్‌లో పంపండి, ఈమెయిల్‌లో పంపండి, స్పీడ్ పోస్టులో కూడా వేసి రసీదు దాచుకోండి. మొత్తం బిల్లు ఆపేయడం మాత్రం వద్దు. గొడవ 39 పెట్టెల మీదైతే మిగతా పెట్టెల డబ్బు కట్టేస్తేనే మన మాటకి విలువ. లేకపోతే ‘డబ్బు ఎగ్గొట్టడానికి వంక’ అనిపించుకుంటాం. వినియోగదారుల కమిషన్‌కి వెళదామన్నా ఇక్కడ కుదరదు. తిరిగి అమ్మడానికి కొన్నవాడిని ఆ చట్టం వినియోగదారుడిగా చూడదు. సివిల్ కోర్టుకి వెళ్లాల్సి వస్తే అక్కడ చూపించేది ఈ కాగితమే.

క్రెడిట్ నోట్ చేతికొచ్చేదాకా

మామూలుగా వచ్చే జవాబు: ‘సర్లెండి, వచ్చే బిల్లులో సర్దేస్తాం.’ అక్కడితో ఫైలు మూయకండి. వచ్చే బిల్లులో ధర కొంచెం తగ్గించి చూపిస్తే మన సరుకు డబ్బు తిరిగొచ్చినట్టు అనిపిస్తుంది కానీ, పన్ను లెక్క కుదరదు. లోపమున్న సరుకుకి జీఎస్‌టీ తగ్గాలంటే, సప్లయరే పాత బిల్లు వివరాలతో, పన్ను విడిగా చూపిస్తూ క్రెడిట్ నోట్ ఇచ్చి తన రిటర్నులో చూపించాలి. మనం మన పుస్తకాల్లో రాసుకునే డెబిట్ నోట్ ఆ పని చేయదు. ఆ బిల్లు మీద మనం ఇప్పటికే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటే, ఈ 39 పెట్టెల మేరకు ₹2,948.40 వెనక్కి రాయాలి.

దీనికీ గడువుంది. బిల్లు ఏ ఆర్థిక సంవత్సరానిదో అది ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా సప్లయరు వార్షిక రిటర్ను వేసిన తేదీ, ఏది ముందైతే అది. ఆ తర్వాత ఇచ్చే క్రెడిట్ నోటుతో సప్లయరుకి పన్ను తగ్గదు కాబట్టి, ఆ భాగం ఇవ్వడానికి ఆయన సహజంగానే వెనకాడతాడు. కాబట్టి జూన్ 21 దాటితే రెండో ఉత్తరం వెంటనే పంపాలి. అందులో కొత్త వాదన ఏమీ అక్కర్లేదు. మొదటి ఉత్తరం తేదీ, స్పీడ్ పోస్టు నంబరు, అడిగిన మొత్తం, ఇంకో గడువు ఉంటే చాలు. ఆ గడువులోనూ జవాబు రాకపోతే, సరుకు లోపం వల్ల తగ్గిన విలువను ఇవ్వాల్సిన ధరలో మినహాయించుకునే హక్కు ఉందని 59వ సెక్షన్‌ను ఉదహరిస్తూ, ₹19,328.40 పట్టుకుని మిగతాది చెల్లిస్తున్నామని రాయొచ్చు. అంత దూరం వెళ్లే ముందు మాత్రం వకీలునో, ఆడిటరునో ఒకసారి అడగడం మంచిది.