రెండు నిమిషాలు పెరిగితే నాలుగు గంటలు

కృష్ణా నదికి ఇరువైపులా, సూర్యాపేట, పల్నాడు జిల్లాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు బారులు తీరి ఉంటాయి. వాటి బట్టీలకు కావలసిన బొగ్గులో కొంత భాగం సింగరేణి గనుల నుంచి లారీల మీద వస్తుంది. లారీ ముందు కాటా ఎక్కి తూకం వేయించుకుంటుంది. పట్టా విప్పి, బొగ్గు నమూనా ఇచ్చి, సీరియల్ కోసం ఆగుతుంది. తన వంతు వచ్చాక లోడు ఖాళీ చేసి బయటపడుతుంది. ఖాళీ చేయడానికి పట్టేది అరగంట. అందుకోసం ఆగేది మాత్రం ఒక్కోసారి పూటకు పూట.

ఆ ఆగుడు మీద డ్రైవర్ల కోపం, లారీ యజమానుల హాల్టింగ్ డిమాండు, ఫ్యాక్టరీ వాళ్ల సమాధానం ఏళ్ల తరబడి ఒకే మాటల్లో నడుస్తుంటాయి. ‘మా టిప్లర్ రోజుకు 48 లారీలు దించగలదు, వచ్చేవి 42 మాత్రమే, మరి క్యూ ఎందుకుంటుంది’ అని ఫ్యాక్టరీ వాళ్లు నిజంగానే ఆశ్చర్యపోతారు. దానికి జవాబు వందేళ్లకు పైబడిన ఒక లెక్కలో ఉంది. 1909లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీ ఇంజనీరు ఎ.కె.ఎర్లాంగ్, ఫోను కాల్స్ ఏ లెక్కన వచ్చి పడతాయో గణితంగా రాసి ఈ శాస్త్రానికి పునాది వేశాడు. టెలిఫోను లైనుకు వర్తించిన ఆ సూత్రం బొగ్గు లారీకీ సరిగ్గా వర్తిస్తుంది.

లెక్క కోసం ఒక ఫ్యాక్టరీని ఊహించుకుందాం. అక్కడ ఉన్నది ఒకే టిప్లర్. అంటే లారీని నిలిపి, ముందు భాగం పైకెత్తి, వెనక తలుపులోంచి బొగ్గును గుంటలోకి దొర్లించే హైడ్రాలిక్ వేదిక. అది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఒక్కో లారీకి సగటున 30 నిమిషాలు పడుతుంది కనుక గంటకు రెండు, రోజుకు 48 లారీలు దాని సత్తా. రోజుకు 42 లారీలు వస్తే టిప్లర్ తన సమయంలో 42/48 వంతు, అంటే 87.5 శాతం పనిలో ఉంటుంది. దీన్నే వినియోగ రేటు అంటారు. మిగిలిన 12.5 శాతం, అంటే రోజుకు మూడు గంటలు, అది ఖాళీగా ఉంటుంది.

రోజుకు మూడు గంటలు ఖాళీగా ఉండే యంత్రం ముందు క్యూ ఎలా కట్టింది? లారీలు వరసగా ముప్పై నాలుగు నిమిషాలకు ఒకటి చొప్పున వచ్చి, ప్రతిదీ సరిగ్గా అరగంటలో దిగిపోతే ఎవరూ ఒక్క నిమిషం కూడా ఆగరు. కానీ గని దగ్గర లోడింగు ఆలస్యం, దారిలో టైరు పంక్చరు, ఢాబా దగ్గర భోజనం కలిసి లారీల రాకను చెదరగొడతాయి. తెల్లవారుజామున రెండు గంటలపాటు ఒక్క లారీ రాదు. ఆ తర్వాత అరగంటలో నాలుగు వస్తాయి. ఖాళీగా గడిచిన ఆ రెండు గంటల్ని టిప్లర్ దాచుకుని తర్వాత వాడుకోలేదు, అవి పోయినట్టే. ఒకేసారి వచ్చిన నాలుగు లారీల భారం మాత్రం అలాగే మిగిలి, వెనక వచ్చే వాటి మీద పడుతుంది. క్యూ పుట్టేది ఇక్కడే.

రాకలు ఏ క్రమమూ లేకుండా ఉండి, దించే సమయం కూడా బాగా హెచ్చుతగ్గులుగా ఉన్నప్పుడు సగటు నిరీక్షణకు ఒక చిన్న సూత్రం ఉంది.

```
Wq = ρ / (1 − ρ) × s
```

ఇందులో ρ వినియోగ రేటు, s ఒక లారీ దించడానికి పట్టే సగటు సమయం, Wq సీరియల్‌లో ఆగే సగటు సమయం. మాటల్లో చెప్పాలంటే, పనిలో ఉన్న వాటాను ఖాళీ వాటాతో భాగించి, దించే సమయంతో గుణించాలి. మన ఫ్యాక్టరీలో 0.875ను 0.125తో భాగిస్తే 7. దాన్ని 30 నిమిషాలతో గుణిస్తే 210 నిమిషాలు. అంటే మూడున్నర గంటలు. దించే అరగంట కూడా కలుపుకుంటే లారీ సగటున నాలుగు గంటలు అక్కడే ఉంటుంది.

ఈ సూత్రంలోని కీలకమంతా కింద ఉన్న ఖాళీ వాటాలోనే ఉంది. రోజుకు 24 లారీలు వచ్చినప్పుడు టిప్లర్ సగం సమయం ఖాళీ, నిరీక్షణ అరగంట. 36 వస్తే గంటన్నర. 42 వస్తే మూడున్నర గంటలు. ఇంకో మూడు పెరిగి 45 అయితే ఏడున్నర గంటలు. మొదటి పన్నెండు లారీలు పెరిగినప్పుడు ఒక గంట పెరిగింది, చివరి మూడు పెరిగినప్పుడు నాలుగు గంటలు పెరిగింది. 48కి చేరితే ఆ వరస ఇక ఎప్పటికీ నిలకడ పట్టదు. యంత్రాన్ని నూటికి నూరు శాతం వాడుకోవాలనుకునే మేనేజరు, తనకు తెలియకుండానే, అంతులేని క్యూను కోరుకుంటున్నట్టు లెక్క.

లారీలు పెరగకపోయినా ఇదే జరుగుతుంది. వానాకాలంలో తడిసిన బొగ్గు పొడి లారీ అడుగుకు అంటుకుపోతుంది. వేదిక ఎంత ఎత్తినా జారదు. క్లీనరు పైకెక్కి గడ్డపారతో పొడవాలి, లేదా దించి మళ్లీ ఎత్తాలి. సగటు సమయం 30 నుంచి 32 నిమిషాలు అయిందనుకుందాం. రెండు నిమిషాల తేడాను ఏ సూపర్‌వైజరూ గుర్తుపట్టలేడు. కానీ వినియోగ రేటు 93.3 శాతానికి చేరి, నిరీక్షణ సుమారు ఏడున్నర గంటలు అవుతుంది. ఎండాకాలపు మూడున్నర గంటల మీద నాలుగు గంటలు ఎక్కువ! 35 నిమిషాలు పడితే టిప్లర్ రోజుకు 41 లారీలనే దించగలదు, వచ్చేవి 42 కనుక గేటు బయట వరస రోజురోజుకూ పొడుగవుతూ పోతుంది. అదే రెండు నిమిషాలు తగ్గించి 28కి తెస్తే నిరీక్షణ రెండు గంటల ఐదు నిమిషాలకు దిగుతుంది. లారీ వేదిక ఎక్కకముందే పట్టా విప్పి, వెనక తలుపు గడియలు వదులు చేసి ఉంచితే ఆ రెండు నిమిషాలు దొరుకుతాయి. కొత్త టిప్లర్ కొనే ముందు చూడవలసింది ఇదే.

లెక్క తప్పేది ఎక్కువగా కొలతలో. టిప్లర్ ఆపరేటరు లాగ్ పుస్తకంలో వేదిక లేచిన సమయం, దిగిన సమయం మాత్రమే ఉంటాయి. ఆ తేడా పది పన్నెండు నిమిషాలకు మించదు. దాన్నే దించే సమయమని రాసుకుంటే వినియోగ రేటు ముప్పై నలభై శాతం దగ్గర కనిపిస్తుంది, క్యూకు కారణం డ్రైవర్ల క్రమశిక్షణ లేకపోవడమే అనిపిస్తుంది. కానీ లారీ వెనక్కి వచ్చి సరిగ్గా నిలవడం, చక్రాలకు అడ్డు పెట్టడం, అంటుకున్న బొగ్గు గీకడం, కిందికి దిగి పక్కకు తప్పుకోవడం కూడా టిప్లర్ సమయమే. అంతసేపూ మరో లారీ దాని మీదికి రాలేదు. గేటు లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా కొలిచేవాళ్లు దీనికి ఎదురు తప్పు చేస్తారు. అందులో నిరీక్షణ కూడా కలిసిపోయి దించే సమయమే నాలుగు గంటలుగా తేలుతుంది. నమ్మదగిన పద్ధతి ఒకటి ఉంది. వెనక కనీసం ఒక లారీ సిద్ధంగా ఆగి ఉన్న సమయాల్లో, ఒక లారీ వేదికను వదిలినప్పటి నుంచి తర్వాతి లారీ వదిలేదాకా ఎంత పట్టిందో రాసుకోవాలి. అలాంటి వంద విరామాల సగటే అసలైన సమయం.

ఆ వంద అంకెల్లో సగటుతోపాటు చెదురు కూడా చూడాలి. పైన చెప్పిన సూత్రం చాలా చెదురును ముందే ఊహించుకుంటుంది. సగటు 30 నిమిషాలు అయినా సగం లారీలు 21 నిమిషాల లోపే దిగిపోతాయనీ, ఏడింటిలో ఒకటి మాత్రం గంటకు పైగా పట్టేస్తుందనీ దాని లెక్క. అందరికీ సరిగ్గా 30 నిమిషాలే పడితే నిరీక్షణ సగానికి, అంటే గంటా ముప్పావుకు పడిపోతుంది. దీన్ని 1930ల మొదట్లో పొలాచెక్, ఖించిన్ విడివిడిగా రాబట్టారు. వాస్తవం ఈ రెండింటి నడుమ ఉంటుంది. ప్రామాణిక విచలనం 15 నిమిషాలైతే రెండు గంటల పది నిమిషాల దాకా వస్తుంది. సగటు ఒక్క నిమిషం కూడా మారకుండానే ఇంత తేడా! తలుపు తుప్పు పట్టి గంటసేపు వేదికను పట్టేసుకునే ఆ కొద్ది లారీలను పక్క యార్డులో మనుషులతో దింపించడం, వేగంగా దిగే లారీలను ఇంకా వేగంగా తోలడం కన్నా మేలు.

నిరీక్షణ తెలిశాక యార్డులో ఎన్ని లారీలకు చోటు కావాలో చెప్పవచ్చు. గంటకు వచ్చే 1.75 లారీలను, అక్కడ ఉండే నాలుగు గంటలతో గుణిస్తే 7. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఈ నియమానికి చెదురుతో పనిలేదు, ఏ క్యూకైనా వర్తిస్తుంది. ఆ ఏడింట్లో ఆరుకు పైగా ఊరికే నిలబడినవే. అంటే ఆరు లారీల పెట్టుబడి, ఆరుగురు డ్రైవర్ల జీవితం రోజంతా ఆ మట్టి యార్డులో కరిగిపోతోంది. దీన్ని ఖర్చుగా ఏ ఫ్యాక్టరీ పుస్తకమూ చూపదు, ఎందుకంటే అది కట్టేది వేరేవాళ్లు. యార్డును మాత్రం ఏడు లారీలకే కడితే చాలదు. మొదటి సూత్రపు లెక్క ప్రకారమే, సుమారు 15 శాతం సమయం అక్కడ 14 గానీ అంతకన్నా ఎక్కువ గానీ లారీలు ఉంటాయి. చోటు దొరకనివి రోడ్డు అంచున నిలుస్తాయి. రాత్రివేళ వెనక లైట్లు లేకుండా ఆగిన లారీ ఎంత ప్రమాదమో ఆ దారిలో బండి నడిపే ఎవరినడిగినా చెబుతారు.

గని దగ్గర ఒక షిఫ్టులో లోడైన లారీలు జట్టుగా బయలుదేరి జట్టుగానే చేరతాయి. అప్పుడు నిజమైన నిరీక్షణ సూత్రం చెప్పినదానికన్నా పెరుగుతుంది. సమయాలు కేటాయించి పిలిస్తే తగ్గుతుంది. సూత్రం చూపేది చాలా రోజుల సగటును. టిప్లర్ హైడ్రాలిక్ గొట్టం పగిలి ఆరు గంటలు ఆగిన రోజున దాన్ని నమ్ముకోకూడదు. ఆ ఆరు గంటల్లో పది, పదకొండు లారీలు అదనంగా చేరతాయి. మరమ్మతు అయ్యాక టిప్లర్ గంటకు రెండు దించుతుంది, కొత్తగా 1.75 వస్తూనే ఉంటాయి. మిగులు గంటకు పావు లారీ మాత్రమే. పేరుకున్నవి కరగడానికి సుమారు 42 గంటలు పడుతుంది. గొట్టం పగిలిన వెంటనే గని దగ్గరికి ఫోను చేసి ఆరు గంటలపాటు లోడింగు ఆపిస్తే ఆ వరసలో చాలా భాగం అసలు ఏర్పడదు. అప్పటికే దారిలో ఉన్న లారీలకు మాత్రమే ఆగుడు తప్పదు.